మీకు తెలుసా? ఇన్సులిన్‌కు ముందు ఒక చిరునామా

ఇన్సులిన్ మొదట 110 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారవుతుంది. రక్తంలోకి చేరే ఇన్సులిన్‌లో ఉండేవి 51 మాత్రమే.

గొలుసులోని మొదటి 24 అమైనో ఆమ్లాలు చిరునామా చీటీ లాంటివి. దీన్ని సంకేత పెప్టైడ్ అంటారు. క్లోమంలోని బీటా కణంలో రైబోజోమ్ ఇంకా గొలుసును అల్లుతుండగానే ఈ భాగం ముందుగా బయటికి వస్తుంది. దాన్ని గుర్తుపట్టే ఒక కణభాగం వచ్చి అతుక్కుని, రైబోజోమ్‌ను అంతర్జీవ ద్రవ్యజాలం దగ్గరికి చేరుస్తుంది. గొలుసు లోపలికి జారుతుంది. పని అయిపోయిన చీటీని అక్కడి ఎంజైమ్ కత్తిరించేస్తుంది.

మిగిలిన 86 అమైనో ఆమ్లాల గొలుసు సరిగ్గా ముడుచుకుని గాల్జీకి వెళ్తుంది. అక్కడ చిన్న సంచుల్లోకి చేరాక మధ్యలోని సి-పెప్టైడ్ (31 అమైనో ఆమ్లాలు), దానికి రెండు చివరలా ఉన్న మరో నాలుగూ తెగిపోతాయి. రక్తంలో చక్కెర పెరగగానే ఇన్సులిన్, సి-పెప్టైడ్ రెండూ కలిసే విడుదలవుతాయి. సూదితో ఇచ్చే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. అందుకే రోగి శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో తెలుసుకోవడానికి డాక్టర్లు సి-పెప్టైడ్‌ను కొలుస్తారు.

సంకేత పెప్టైడ్‌లో చివరిదైన 24వ స్థానంలో అలనిన్‌కు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వస్తే కత్తిరింపు సరిగ్గా జరగదు. గొలుసు సరిగ్గా ముడుచుకోక బీటా కణాలు దెబ్బతింటాయి. ఆ ఒక్క మార్పుతో నెలల పసికందుకే మధుమేహం రావచ్చు.

ప్రొటీన్లకు చిరునామాలు వాటిలోనే ఉంటాయని నిరూపించినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.