తిన్నది ఒంటికి పట్టని రోజులు

వేలి నుంచి జారిపోతోందని పెదనాన్న ఉంగరానికి పెద్దమ్మ దారం చుట్టింది. నెల తిరక్కుండానే ఇంకో వరస చుట్టాల్సొచ్చింది. క్లోమ క్యాన్సర్. ఆరు నెలల్లో 62 కిలోల మనిషి 56కి వచ్చారు. పాలు, గుడ్లు, నెయ్యి, ఎన్ని పెట్టినా ఒంటికి పట్టలేదు. "ఇంకొక్క ముద్ద తినండి" అని బతిమాలుతూ, లోపం తన వంటలోనే ఉందనుకుంది పెద్దమ్మ.

ఈ క్షీణతను డాక్టర్లు కకెక్సియా అంటారు. క్యాన్సర్ రోగి ఆరు నెలల్లో, బరువు తగ్గాలని ప్రయత్నించకుండానే, 5 శాతానికి మించి తగ్గితే దీన్ని అనుమానిస్తారు. పెదనాన్న తగ్గింది దాదాపు 10 శాతం.

పస్తులున్న ఒంటికి పొదుపు తెలుసు. మొదటి కొద్ది రోజులూ కండ కొంత కరిగినా, తర్వాత ఒళ్లు కొవ్వు మీద బతుకుతుంది. కొవ్వు నుంచి పుట్టే కీటోన్లతో మెదడు కూడా సరిపెట్టుకుంటుంది, కండ చాలావరకు మిగులుతుంది. మళ్లీ అన్నం పెడితే మనిషి తేరుకుంటాడు. కకెక్సియాలో ఈ పొదుపు కుదరదు. కణితి వల్ల ఒళ్లంతా వాపు ప్రక్రియ రగులుతుంది. ఆ సంకేతాలు అందుకున్న కండరం తన ప్రొటీన్లను తానే విడగొట్టుకుంటుంది, కొత్తవి కట్టుకోవడం తగ్గిస్తుంది. అలా ఊడిన అమైనో ఆమ్లాలతో కాలేయం వాపు ప్రొటీన్లు తయారుచేస్తుంది. గోడ కూలుతున్న ఇంటికి ఇటుకలు తెచ్చి పోసినా, కట్టే మేస్త్రి లేడన్నమాట.

ఆకలి చావడం కూడా ఇందులో భాగమే. చాలామంది రోగుల రక్తంలో జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ పెరిగి, మెదడు కాండంలో వికారం పుట్టించే చోటును తడుతుంది. దాన్ని అడ్డుకునే పొన్సెగ్రోమాబ్ మందును పరీక్షించిన ఫలితాలు 2024లో వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లు 12 వారాల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే సుమారు 2.8 కిలోలు మెరుగ్గా ఉన్నారు. మనకు దగ్గరి కబురు పుదుచ్చేరి జిప్మర్‌ది. అక్కడ 124 మందిపై జరిపిన పరీక్షలో, కీమోతో పాటు రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్ ఇచ్చినవాళ్లలో 60 శాతం మంది 5 శాతానికి మించి బరువు పెరిగారు. ఉత్తుత్తి మాత్ర వర్గంలో అలా పెరిగినవాళ్లు 9 శాతమే. అయితే పెరిగిన బరువంతా కండ కాదు.

తూకాన్ని మాత్రమే నమ్మడానికీ లేదు. పొట్టలో నీరు చేరితే ముల్లు కదలదు, తొడలు మాత్రం సన్నబడుతూ ఉంటాయి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా అన్నది చూడాలి. నోటిపూత, మలబద్ధకం, నొప్పి ఉంటే వాటికి వైద్యం ఉంది. క్లోమ క్యాన్సర్‌లో మలం జిడ్డుగా పోతుంటే కొవ్వు అరగడం లేదని అర్థం. పెదనాన్నకు ఇది కనిపెట్టాక, భోజనంతో పాటు ఎంజైమ్ గొట్టాలిచ్చారు. పోయిన కండ తిరిగి రాలేదు కానీ కడుపు ఉబ్బరం తగ్గింది.

బలవంతం చేయొద్దని డాక్టరమ్మ చెప్పాక పెద్దమ్మ కంచం నింపడం మానేసింది. ఆయన అడిగినప్పుడు చిన్న గిన్నెలో పెరుగన్నం తెచ్చి పక్కన కూర్చునేది. మూడు చెంచాలు తిని చాలంటే, గిన్నె పక్కన పెట్టి కబుర్లు చెప్పేది.