అముద్రిత ప్రశ్నావళి పునర్ముద్రణకు అనుమతి కోరే లేఖ

సంఘ సభ్యుల ఆరాధన హాజరుపై క్షేత్ర పరిశోధన చేసే విద్యార్థికి, ఆచార్యులు తరగతిలో పంచిన ప్రశ్నావళి ఒకటి ఎంతో ఉపయోగపడుతుంది. అది అచ్చుకాలేదు గనుక అనుమతి అక్కరలేదనీ, రచయిత పేరు వేస్తే చాలుననీ పలువురు తలుస్తారు. ఈ రెండూ పొరపాట్లే. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం అముద్రిత రచనలకు కూడా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకున్నా హక్కు ఉంటుంది. పేరు చెప్పడం ఋణాన్ని ఒప్పుకోవడం మాత్రమే. అది అనుమతి కాదు.

చిక్కు తరచుగా “వాడుకోవచ్చా?” అనే ఒక్క మాటలోనే మొదలవుతుంది. ఆచార్యులు “అలాగే” అంటారు. సభ్యులను ఆ ప్రశ్నలు అడగడమే వారి ఉద్దేశం. విద్యార్థి మాత్రం వాటిని తెలుగులోకి అనువదించి, సిద్ధాంత వ్యాసం చివర అనుబంధంగా పూర్తిగా అచ్చు వేస్తాడు. అడగడం, అనువదించడం, అచ్చు వేయడం మూడు వేర్వేరు పనులు. సొంత పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకొనేందుకు చట్టంలో మినహాయింపు ఉన్నా, పూర్తి పాఠం ముద్రించి పంచేందుకు దానిపై ఆధారపడరాదు. కనుక లేఖలో మూడింటినీ విడివిడిగా అడగాలి. ఉదాహరణకు:

“గౌరవనీయులైన ఆచార్యులు గారికి వందనములు. నేను ఎం.టిహెచ్. రెండవ సంవత్సరం విద్యార్థిని. ఆరాధన హాజరుపై మీరు రూపొందించిన 24 ప్రశ్నల అముద్రిత ప్రశ్నావళి విషయమై మూడు అనుమతులు కోరుతున్నాను: (1) నాలుగు గ్రామ సంఘాలలో ఈ ప్రశ్నలు అడుగుటకు; (2) తెలుగులోకి అనువదించి, 7వ, 15వ ప్రశ్నలను గ్రామ పరిస్థితికి తగినట్లు మార్చుటకు; (3) పూర్తి పాఠమును నా సిద్ధాంత వ్యాసపు అనుబంధంలో ముద్రించుటకు. వ్యాసం గ్రంథాలయంలోను, అంతర్జాలంలోను ఉంచబడును. మీ పేరు, రూపొందించిన సంవత్సరం, ‘అముద్రితం, రచయిత అనుమతితో’ అను మాటలు, నేను చేసిన మార్పులు మొదటి పుటలోనే చూపుదును. దీనిపై వేరొకరికి గాని సంస్థకు గాని హక్కు ఉన్నచో తెలియజేయగలరు. అనువాద ప్రతిని జతపరిచాను.”

చివరి ప్రశ్న ముఖ్యమైనది. ప్రశ్నావళిని ఇద్దరు కలిసి తయారుచేసి ఉండవచ్చు. ఉద్యోగ విధిలో భాగంగా చేసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు సంస్థకే చెందవచ్చు. అప్పుడు ఆచార్యుల సమ్మతి ఒక్కటే చాలదు. మార్చిన ప్రశ్నలను చెప్పడం కూడా అవసరమే. లేకుంటే విద్యార్థి మార్పులోని లోపం ఆచార్యుల పేరున నిలిచిపోతుంది.

చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం అనుమతి లిఖితపూర్వకంగా ఉండాలి. ఫోనులో సమ్మతి దొరికితే, ఆ మాటలనే రాసి పంపి జవాబు తెప్పించుకోవాలి. మౌనం సమ్మతి కాదు. సర్వే మొదలుపెట్టక ముందే లేఖ పంపితే, మూడవ దానికి “వద్దు” అన్నా దారి ఉంటుంది: ప్రశ్నావళి ఏ అంశాలను ఎలా కొలుస్తుందో సొంత మాటలలో వివరించి, మూలాన్ని పేర్కొని, పూర్తి పాఠాన్ని విడిచిపెట్టవచ్చు. వ్యాసం తర్వాత పుస్తకంగా వస్తే మళ్లీ అడగాలి. మొదటి అనుమతి దానికి వర్తించదు.