బ్రాకెట్లో ఉన్న అంకెల కథ

2021 ఆగస్టులో ఐపీసీసీ ఆరో నివేదిక మొదటి భాగం వచ్చింది. ప్రభుత్వాల కోసం రాసిన దాని సారాంశంలో ఒక చిన్న పట్టిక ఉంది. అయిదు వరసలు, మూడు కాలాలు, అంతే. మధ్య వరసలో చివరి గడిలో 2.7 అని ఉంటుంది. పక్కనే బ్రాకెట్లో 2.1 నుంచి 3.5 అని ఉంటుంది. అది వార్తగా మారి మన దాకా వచ్చేసరికి తరచుగా 2.7 మాత్రమే మిగులుతుంది, బ్రాకెట్ దారిలో రాలిపోతుంది. భూతాపం మీద వచ్చే పరిశోధన పత్రాల్లో అసలు సంగతంతా ఉండేది ఆ రాలిపోయిన ముక్కలోనే.

ముందుగా, 2.7 డిగ్రీలు దేనితో పోలిస్తే? ఇవాళ్టితో కాదు, 1850–1900 నాటి సగటుతో. 2011–2020 నాటికే ఆ సగటు మీద దాదాపు 1.1 డిగ్రీలు పెరిగామని అదే నివేదిక చెబుతుంది. అంటే ఇంకా పెరగాల్సింది 1.6 డిగ్రీలే. ఈ లెక్క చూడనివాళ్లు 2.7ను ఇప్పటి ఎండకు కలిపేసుకుని బెంబేలెత్తుతారు. పైగా ఇది ఒక్క ఏడాది అంకె కాదు, 2081–2100 మధ్య ఇరవై ఏళ్ల సగటు. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీల గీత దాటింది కదా, పారిస్ ఒప్పందం హద్దు చెరిగిపోయినట్టేనా అని చాలామంది అడిగారు. ఒక్క ఏడాది దాటడం వేరు, దీర్ఘకాల సగటు దాటడం వేరు.

ఇక ఆ వరస పేరు ఎస్ఎస్‌పీ2-4.5. చూడ్డానికి మోటారు నంబరులా ఉన్నా ఇందులో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. మొదటి అంకె జనాభా, సంపద, టెక్నాలజీ ఏ దారిన సాగుతాయన్న ఊహ. రెండోది 2100 నాటికి భూమి మీద చదరపు మీటరుకు సుమారు ఎన్ని వాట్ల అదనపు వేడి పడుతుందన్నది. ఈ మధ్య వరసలో కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2050 దాకా దాదాపు ఇప్పటి స్థాయిలోనే ఉండి, ఆపైన తగ్గుతాయి. అట్టడుగున ఉండే ఎస్ఎస్‌పీ5-8.5లో అవి 2050 నాటికి రెట్టింపవుతాయి. అక్కడి అంకె 4.4, బ్రాకెట్లో 3.3 నుంచి 5.7.

ఈ అయిదు దారుల్లో దేనికి ఎంత అవకాశముందో నివేదిక చెప్పదు. చెప్పడం తన పని కాదనే అంటుంది. 2.1 నుంచి 3.5 మధ్య ఉండే అవకాశం నూటికి తొంభై అన్నప్పుడు, ‘మనుషులు సరిగ్గా ఈ దారినే నడిస్తే’ అన్న షరతు దాని ముందు ఉంది. మనుషులు ఏ దారి పడతారన్న అనిశ్చితి బ్రాకెట్లో లేదు, వరసల మధ్య ఉంది. చాలా ఏళ్లపాటు ఎన్నో పత్రాలు 8.5 దారిని ‘ఏమీ చేయకపోతే జరిగేది’గా చూపించాయి. అది బొగ్గు వాడకం విపరీతంగా పెరిగే లోకం. ఇప్పుడు సౌర, పవన విద్యుత్తు ధరలు చూస్తుంటే అటు వెళ్లే సూచనలు తక్కువ. ఇంత వేడి తగిలితే ఏమవుతుందని పరీక్షించడానికి ఆ వరస పనికొస్తుంది గానీ జోస్యంగా వాడితే తప్పే. నా మటుకు నేను, వరస పేరు చెప్పకుండా ‘శాస్త్రవేత్తల హెచ్చరిక’ అని రాసిన వార్తను పక్కన పెట్టేస్తాను.

అదే పట్టికలో మొదటి కాలం, అంటే 2021–2040 చూడండి. నాలుగు వరసల్లో 1.5, ఒక్కదాంట్లో 1.6. ఉద్గారాలు తగ్గించినా పెంచినా రానున్న కొన్నేళ్ల సగటు పెద్దగా మారదు. తేడా శతాబ్దం రెండో సగంలోనే విచ్చుకుంటుంది.

మరి ఆ బ్రాకెట్ ఎలా పుట్టింది? ప్రపంచవ్యాప్తంగా పరిశోధన సంస్థలు తమ తమ కంప్యూటర్ మోడళ్లను ఒకే ఉద్గారాల లెక్కతో నడిపి ఫలితాలను ఒకచోట చేరుస్తాయి. ఆ గుంపునే ఎన్సెంబుల్ అంటారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ మోడల్ కూడా ఈ విడతలో చేరింది, మన దేశం నుంచి అదే మొదటిది. అయితే ఈ గుంపు సగటును కళ్లు మూసుకుని తీసుకోకూడదు. ఆస్ట్రేలియా మోడళ్లలో ఒకటి బ్రిటన్ వాతావరణ మోడల్‌నే లోపల వాడుకుంటుంది. ఒకే ఇంట్లో నలుగురిని అడిగి ఊరంతా అదే మాట అంటోందని రాసుకున్నట్టు, చుట్టాలైన మోడళ్లు ఒకే జవాబు చెబితే అది నాలుగు సాక్ష్యాలు కాదు.

ఇంకో చిక్కు, కొన్ని మోడళ్లు మరీ వేడివి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి చివరికి ఎంత వేడెక్కుతుందన్న ప్రశ్నకు ఈ విడత మోడళ్లు 1.8 నుంచి 5.6 డిగ్రీల దాకా జవాబిచ్చాయి. పాత వాతావరణ ఆనవాళ్లు, గత శతాబ్దపు కొలతలు, మేఘాల భౌతికశాస్త్రం కలిపి చూస్తే 2.5 నుంచి 4 మధ్య ఉండొచ్చని ఐపీసీసీ తేల్చింది. అందుకే ఆ పట్టికలోని అంకెలు మోడళ్ల సగటు కావు, కొలతలతో సరిచూసి దిద్దినవి. ఆ తరవాత వచ్చిన పత్రాలన్నీ ఇలా దిద్దలేదు. మీరు చదివే పత్రంలో ‘మోడళ్ల సగటు’ అని మాత్రమే ఉంటే, వేడి మోడళ్లను ఏం చేశారో పద్ధతుల విభాగంలో వెతకండి. ఆ ఊసే లేకపోతే అంకె కాస్త పైకి జరిగి ఉండొచ్చు.

ఇన్ని మోడళ్లు ఎందుకు, బాగా పనిచేసే ఒక్కటి చాలదా అనిపిస్తుంది. అమెరికాలోని కొలరాడోలో వాతావరణ పరిశోధన కేంద్రం వాళ్లు ఒకే మోడల్‌ను ముప్పై సార్లు నడిపి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఉద్గారాలు అవే, సమీకరణాలు అవే. మొదలుపెట్టేటప్పుడు గాలి ఉష్ణోగ్రతలో మాత్రం డిగ్రీలో లక్షకోట్లలో వంతు కన్నా తక్కువ తేడా పెట్టారు. యాభై ఏళ్ల చలికాలాల ధోరణి పటాలు పక్కపక్కన పెడితే, ఉత్తర అమెరికాలో ఒకే ప్రాంతం ఒక పటంలో గట్టిగా వేడెక్కింది, ఇంకో దాంట్లో చల్లబడింది. అది మోడల్ తప్పు కాదు, వాతావరణం సహజంగా వేసే కుప్పిగంతులు. ప్రపంచ సగటులో అవి చాలావరకు సర్దుకుంటాయి. చిన్న ప్రాంతానికి వచ్చేసరికి, ముఖ్యంగా వానల విషయంలో, అవే రాజ్యమేలుతాయి. 2040లో అనంతపురంలో ఎంత వాన పడుతుందో ఒకే మోడల్‌ను ఒక్కసారి నడిపి చెప్పిన అంకెకు అందుకే విలువ లేదు. ఆ మోడళ్లలో చాలావాటికి ఒక్కో గడి వెడల్పు వంద కిలోమీటర్లకు అటూఇటూ. జిల్లా మొత్తం దాదాపు ఒకటి రెండు గడుల్లో సరిపోతుంది.

చివరగా ఒక మాట, బ్రాకెట్లన్నీ ఒక వెడల్పువి కావు. పైన చూసిన ఉష్ణోగ్రత బ్రాకెట్ నూటికి తొంభై వంతుల అవకాశానికి. అదే నివేదికలో సముద్రమట్టం అంకెలు చూస్తే, 2100 నాటికి మధ్య దారిలో 0.44 నుంచి 0.76 మీటర్ల పెరుగుదల అని ఉంటుంది. అది మూడింట రెండు వంతుల అవకాశానికే, 1995–2014తో పోలిక. 0.76 పై హద్దు అనుకుని ఉప్పాడలో గట్టు కడితే మోసపోతాం. మంచుపలకలు ఊహించనంత వేగంగా కూలే సంగతి సరిగా తెలియదు కాబట్టి దాన్ని ఆ బ్రాకెట్ బయటే ఉంచారు. అత్యధిక ఉద్గారాల దారిలో పెరుగుదల రెండు మీటర్ల దరిదాపులకు చేరే అవకాశాన్ని కొట్టిపారేయలేమని విడిగా రాశారు. పైగా ఇది ప్రపంచ సగటు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేల కుంగిపోయే లెక్క ఇందులో లేదు, దాన్ని మనం వేరే కొలుచుకుని కలుపుకోవాల్సిందే.