కార్డు ఇంట్లో, మనం ఏటీఎంలో

"అన్నా, ఫోన్‌పే కొడతా, రెండు వేలు క్యాష్ ఇస్తావా?" కిరాణా కొట్టులోనో, మందుల షాపులోనో, పెట్రోల్ బంకులోనో ఈ మాట వినపడని ఊరు మన దగ్గర ఉండదు. గల్లాలో నోట్లుంటే కొట్టాయన ఇస్తాడు. తెలిసినవాళ్లకైతే ఊరికే, తెలియనివాళ్లకైతే వెయ్యికి పదో ఇరవయ్యో పట్టుకుని. ఈమధ్య చాలామంది అలా ఇవ్వడమే మానుకుంటున్నారు. అది పిసినారితనం కాదు, భయం. సైబర్ మోసంలో పోయిన డబ్బు ఏయే ఖాతాల గుండా వెళ్లిందో పోలీసులు వెతుక్కుంటూ వస్తారు. ఆ వరసలో కొట్టాయన ఖాతా తగిలితే అది ఫ్రీజ్ అవుతుంది. ముక్కూమొహం తెలియనివాడికి నోట్లిచ్చి, ఆనక బ్యాంకు చుట్టూ తిరగాలని ఎవరికుంటుంది?

ఆ కొట్టుకు నాలుగడుగుల దూరంలోనే ఏటీఎం ఉంటుంది. జేబులో కార్డు లేదు కదా అని అటువైపు చూడం. కానీ చాలా ఏటీఎంలు ఇప్పుడు కార్డు అడగకుండానే డబ్బిస్తాయి. కొట్లో చెల్లించే ఆ ఫోను యాప్‌తోనే.

కార్డు లేకుండా డబ్బు తీయడం మనకు పూర్తిగా కొత్త కాదు. స్టేట్ బ్యాంకు 2019లోనే 'యోనో క్యాష్' తెచ్చింది. అయితే అలాంటి పాత పద్ధతుల్లో ఏ బ్యాంకు యాప్ అయితే ఆ బ్యాంకు ఏటీఎంకే వెళ్లాలి. ఆ గీత చెరిపేసింది రిజర్వ్ బ్యాంకు. 2022 మే 19న ఇచ్చిన సర్క్యులర్‌లో, యూపీఐతో గుర్తింపు తీసుకుని ఏ బ్యాంకు ఖాతాదారుకైనా ఏ ఏటీఎంలోనైనా డబ్బిచ్చే ఏర్పాటు చేసుకోవచ్చని బ్యాంకులకు చెప్పింది. 2023 జూన్‌లో బ్యాంక్ ఆఫ్ బరోడా ఈ సేవను మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాంకుల సొంతం కాని, ప్రైవేటు సంస్థ నడిపే యూపీఐ ఏటీఎం కూడా వచ్చింది. అలాగని ప్రతి మిషనులోనూ ఈ సౌకర్యం లేదు. ఉందో లేదో లోపలికి వెళ్లి తెర చూస్తేనే తెలుస్తుంది.

ఆ తెర మీద కార్డు పెట్టమని అడిగే చోటే, పక్కన ఓ బటన్‌కు ఎదురుగా UPI Cash Withdrawal అనో, Cardless Cash అనో, QR Cash అనో రాసి ఉంటుంది. బ్యాంకును బట్టి పేరు మారుతుంది. అది నొక్కితే ఎంత కావాలో అడుగుతుంది. మొత్తం కొట్టాక తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. కొట్లో అతికించి ఉండే కోడ్ లాంటిది కాదిది. ఈ మిషను, ఈ ఒక్క లావాదేవీ కోసం, ఈ మొత్తానికే అప్పటికప్పుడు తయారుచేసింది. కాసేపటికే చెల్లకుండా పోతుంది. అందుకే యాప్ ముందే తెరిచి, సిగ్నల్ చూసుకుని, ఆ తర్వాతే మిషను బటన్ నొక్కడం మేలు.

కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేస్తే మనం మిషనులో కొట్టిన మొత్తమే ఫోనులో కనిపించాలి. ఖాతాలు రెండు మూడుంటే ఏదో ఒకటి ఎంచుకుని, యూపీఐ పిన్ కొట్టాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇందులో ఏటీఎం పిన్‌తో పని లేదు, మిషను మీటల మీద ఏ పిన్నూ కొట్టనక్కర్లేదు. పిన్ కొట్టేది ఫోనులో మాత్రమే, అదీ యూపీఐ పిన్. ఫోనులో సరే అనిపించాక మిషను లోపల నోట్లు లెక్కపెట్టే చప్పుడు వినిపించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. మిషను తన బ్యాంకును, ఆ బ్యాంకు మీ బ్యాంకును పలకరించుకునే వ్యవధి అది. ఆ కాసేపూ ఓపికపట్టి అక్కడే నిలబడాలి. రాలేదనుకుని బయటికి వచ్చేస్తే, ఆ నోట్లు వెనక నిలబడ్డాయన ముందు పడతాయి.

దీన్ని యూపీఐ చెల్లింపు అనుకుంటే లెక్క తప్పుతుంది. మీరెవరో తేల్చేవరకే ఫోను పని. ఆ తర్వాతంతా మామూలు ఏటీఎం విత్‌డ్రాయలే. ఛార్జీలు ఆ లెక్కలోనే పడతాయి, నెలనెలా వచ్చే ఉచిత అవకాశాల్లోంచే కోత పడుతుంది, డబ్బు ఇరుక్కుంటే పనికొచ్చేవీ ఏటీఎం నిబంధనలే. 'యూపీఐ ఉచితమే కదా' అని రోజుకో అయిదొందలు తీసుకుంటూ పోయేవాళ్లకు నెలాఖరు స్టేట్‌మెంటులో ఈ తేడా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నల్గొండ నుంచి ఒకాయన, కూతురి గది సామాను మార్చడానికి హైదరాబాద్ వచ్చాడు. ట్రాలీ ఆటో అతనికీ, హమాలీలకీ కలిపి 8,000 నోట్ల రూపంలోనే ఇవ్వాలి. కార్డు ఇంట్లో వేరే చొక్కా జేబులో ఉండిపోయింది. వీధి చివర వేరే బ్యాంకు ఏటీఎం ఉంది. 8,000 కొట్టి స్కాన్ చేశాడు. పరిమితి దాటిందంటూ యాప్ తిరస్కరించింది. ఖాతాలోంచి ఏమీ పోలేదు. ఈ పద్ధతిలో ఒక్కోసారి తీయగలిగేది ఎక్కువలో ఎక్కువ 10,000. బ్యాంకులు అంతకన్నా తక్కువ కూడా పెట్టుకోవచ్చు. బ్యాంక్ ఆఫ్ బరోడా ఈ సేవ మొదలుపెట్టినప్పుడు ఒక్కోసారికి 5,000, రోజుకు రెండుసార్లు అని పెట్టుకుంది. మన నల్గొండ ఆయన బ్యాంకులోనూ అంతే అనుకుందాం. మొదట 5,000, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 3,000 తీశాడు. పని అయిపోయింది.

అయితే ఆయన లెక్కలో రెండు విత్‌డ్రాయల్స్ పడ్డాయి. వేరే బ్యాంకు ఏటీఎంలలో మెట్రో నగరాల్లో నెలకు 3, మిగతా ఊళ్లలో 5 లావాదేవీలు ఉచితం. హైదరాబాద్ మెట్రో కిందికే వస్తుంది. కాబట్టి ఆ నెలలో ఆయనకు నగరంలో ఇంకొక్కటే మిగిలింది. అదీ దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోదానికి గరిష్ఠంగా 23 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 27 రూపాయల 14 పైసల దాకా పడొచ్చు. సొంత బ్యాంకు ఏటీఎం అయితే నెలకు అయిదు ఉచితం. చిన్న చిన్న ముక్కలుగా తీయాల్సి వచ్చినప్పుడు రెండు వీధులు అవతల ఉన్నా సొంత బ్యాంకు మిషనుకు నడవడమే లాభం.

ఖాతాలోంచి డబ్బు పోయి, మిషను నోట్లివ్వకపోతే ఏమిటన్నది అందరినీ వేధించే ప్రశ్న. అలా జరుగుతుంది. ఫోనులో విజయవంతం అని వస్తుంది, డెబిట్ మెసేజ్ మోగుతుంది, మిషను మాత్రం క్షమించమని ఒక ముక్క చెప్పి మళ్లీ మొదటి తెరకు వెళ్లిపోతుంది. చాలాసార్లు ఆ సొమ్ము దానంతటదే వెనక్కి జమవుతుంది. ఆవేశపడి వెంటనే రెండోసారి ప్రయత్నించకుండా ముందు ఖాతాలో బ్యాలెన్సు చూసుకోవాలి. స్లిప్పు వస్తే దాచుకోవాలి. రాకపోతే మిషను మీద రాసి ఉండే ఏటీఎం నంబరునూ, యాప్‌లోని లావాదేవీ వివరాలనూ ఫోటో, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

ఫిర్యాదు చేయాల్సింది ఏటీఎం ఎవరిదో ఆ బ్యాంకుకు కాదు, మీ ఖాతా ఉన్న బ్యాంకుకు. గడువు విషయంలో రిజర్వ్ బ్యాంకు నిబంధన స్పష్టంగా ఉంది. లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోపు బ్యాంకు సొమ్ము వెనక్కి జమచేయాలి. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 3వ తారీఖున డబ్బు ఇరుక్కుంటే 8లోపు రావాలి. 12న వచ్చిందంటే నాలుగు రోజులు ఆలస్యం, కాబట్టి సొమ్ముతోపాటు 400 రావాలి. ఈ పరిహారం మీరు అడగకుండానే ఇవ్వాలని నిబంధన. ఇవ్వకపోతే అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు.

భద్రత సంగతి రెండువైపులా ఉంది. కార్డు దూర్చే సందులో దొంగ పరికరం బిగించి, మీటల పైన చిన్న కెమెరా పెట్టి కార్డు వివరాలూ పిన్నూ కాజేసే పాత మోసం ఇక్కడ పారదు. కార్డే లేదు, పిన్ మిషను దగ్గర కొట్టనే కొట్టం. ఊరు కాని ఊళ్లో, అర్ధరాత్రి, కార్డు సందు వదులుగా కదులుతూ అనుమానంగా కనిపించే ఏటీఎంలో ఇది నిజంగా పనికొచ్చే దారి.

రెండోవైపు ప్రమాదం కొత్తరకం. స్కాన్ చేసి పిన్ కొట్టిందెవరైనా, నోట్లు మాత్రం కోడ్ ఏ మిషను తెర మీద ఉందో ఆ మిషను ముందు నిలబడ్డవాడికే వస్తాయి. 'మీకు రీఫండ్ వస్తుంది, ఈ కోడ్ స్కాన్ చేయండి' అని వీడియో కాల్‌లో ఎవరైనా కోడ్ చూపిస్తే, అవతలివాడు ఏటీఎం ముందే నిలబడి ఉండొచ్చు. డబ్బు రావడానికి ఎక్కడా పిన్ కొట్టే పని ఉండదు. అలాగే ఏటీఎం గది గోడకో, మిషను అంచుకో కాగితం మీద అతికించిన కోడ్ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. స్కాన్ చేశాక మొత్తాన్ని మీరే కొట్టమని యాప్ అడిగినా, ఎవరో వ్యక్తి పేరు కనిపించినా, అది మిషను ఇచ్చిన కోడ్ కాదని గుర్తు. అక్కడే ఆపేయాలి.

ఇది పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. ఫోను చార్జింగ్ అయిపోతే చేసేదేం లేదు. సెల్లార్‌లో ఉన్న ఏటీఎంలో మిషనుకు దాని సొంత కనెక్షన్ ఉన్నా, మీ ఫోనుకు సిగ్నల్ ఉండదు. యాప్‌కు రూపే క్రెడిట్ కార్డు జోడించుకున్నవాళ్లు దాంతో నోట్లు తీయలేరు, బ్యాంకు ఖాతా ఉండాల్సిందే. ఒకేసారి ఇరవై వేలు కావాలంటే కార్డే దిక్కు. పెళ్లింట్లో వంటవాళ్లకూ, బాజాభజంత్రీలకూ ఇవ్వాల్సిన నగదుకు దీని మీద ఆధారపడితే తిప్పలే.

బాగా కలిసొచ్చేది కార్డు పోయి బ్లాక్ చేయించుకున్నవాళ్లకు. కొత్తది పోస్టులో వచ్చేదాకా రోజులు గడుస్తాయి. యూపీఐ పిన్ ముందే పెట్టుకుని ఉంటే కార్డు బ్లాక్ అయినా అది ఆగదు, ఖాతా ఖాతాలాగే ఉంటుంది. అసలు డెబిట్ కార్డే తీసుకోని ఇంటి పెద్దవాళ్లకూ దారుంది. బ్యాంకు ఆ వెసులుబాటు ఇస్తుంటే, ఖాతాకూ ఆధార్‌కూ ఒకే మొబైల్ నంబరు జతచేసి ఉంటే, కార్డు వివరాల బదులు ఆధార్ ఓటీపీతోనే యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. ఆ నంబరున్న సిమ్ మాత్రం యాప్ ఉన్న ఫోనులోనే ఉండాలి. కొడుకు ఫోనులో నాన్న సిమ్ వేసి పనులు నడిపే ఇళ్లలో, ఏటీఎంకు వెళ్లేటప్పుడు ఆ ఫోను కొడుకు జేబులో ఎక్కడో ఆఫీసులో ఉంటుంది.