ప్రకటన చూసి వచ్చారా, దారినపోతూ వచ్చారా?

బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు నంద్యాల పేరున్న ఊరు. అలాంటి చోట కొత్త బ్యాచ్ మొదలవుతోందంటే వాకబు చేసేవాళ్లు నాలుగు వైపుల నుంచీ వస్తారు. ఒకరు ఫేస్‌బుక్ ప్రకటన కింద నంబరు ఇస్తారు, ఇంకొకరు పాత విద్యార్థి మాట విని ఫోన్ చేస్తారు, మరొకరు నేరుగా రిసెప్షన్‌కే వస్తారు. వీళ్లందరినీ ఒకే ఎక్సెల్ షీట్‌లో రాసుకునేదే ఎంక్వైరీ ట్రాకర్.

ఒక్కొక్కరికి ఒక్కో వరుస: పేరు, ఫోన్ నంబరు, ఎలా తెలిసింది, ఇప్పుడు ఏ దశలో ఉన్నారు, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి. దశలు నాలుగైదు మించకూడదు: కొత్తవారు, మాట్లాడాం, డెమో విన్నారు, చేరారు, వద్దన్నారు. ‘ఫోన్ ఎత్తలేదు’ అని రాసి వదిలేస్తే ఆ వరుసను మళ్లీ ఎవరూ చూడరు. పక్కనే తర్వాతి తేదీ ఉంటేనే మర్నాటి పనిలోకి వస్తుంది.

అసలు చిక్కు లెక్క దగ్గర మొదలవుతుంది. ఒక సెంటర్‌కు నెలలో 200 ఎంక్వైరీలు వచ్చాయనుకుందాం. ప్రకటన ద్వారా 130 మంది వస్తే 13 మంది చేరారు, అంటే 10 శాతం. పాత విద్యార్థులు పంపిన 30 మందిలో 15 మంది, నేరుగా వచ్చిన 40 మందిలో 18 మంది చేరారు. ప్రకటనకు రూ.26,000 ఖర్చయింది. ఒక్కో అడ్మిషన్‌కు రూ.2,000 పడింది కాబట్టి ప్రకటన ఆపేద్దామని యజమానికి అనిపిస్తుంది.

ఆపేముందు ఫోన్ నంబర్లు సరిపోల్చాలి. ఒకే నంబరును ఒకరు +91తో, ఒకరు ముందు సున్నాతో, ఇంకొకరు మధ్యలో ఖాళీతో రాస్తారు. C గడిలో నంబరు ఉంటే, చివరి పది అంకెలు ఇలా తీయవచ్చు:

```
=RIGHT(SUBSTITUTE(C2," ",""),10)
```

అప్పుడు, నేరుగా వచ్చి చేరిన 18 మందిలో 8 మంది నంబర్లు ప్రకటన వరుసల్లోనూ కనిపించాయనుకోండి. వాళ్లు ముందు ప్రకటన చూసి నంబరిచ్చారు, తర్వాత వచ్చి ఫీజు కట్టారు. రిసెప్షన్‌లో అది తెలియక కొత్త వరుస తెరిచారు.

ఆ 8 వరుసలు కలిపేస్తే ఎంక్వైరీలు 192 అవుతాయి. ప్రకటన ఖాతాలో 130కి 21 అడ్మిషన్లు, అంటే 16 శాతం. ఒక్కొక్కదానికి ఖర్చు సుమారు రూ.1,240. నేరుగా వచ్చినవారి శాతం 45 నుంచి 31కి దిగుతుంది. చేరినవాళ్లు మాత్రం మొదట్లాగే 46 మందే.

నంబర్లు కలపడం కూడా అన్నిటినీ పట్టుకోదు. అమ్మాయి తన నంబరుతో ఫారం నింపి, తండ్రి తన ఫోన్ నుంచి మాట్లాడితే షీట్‌కు వాళ్లు ఇద్దరు. అందుకే రిసెప్షన్‌లో ‘ఇంతకుముందు మీ ఇంట్లోంచి ఎవరైనా అడిగారా?’ అన్న ప్రశ్న తప్పనిసరి.

శాతం తీసే సమయమూ ముఖ్యమే. నోటిఫికేషన్ కోసం ఆగేవాళ్లు జూన్‌లో అడిగి ఆగస్టులో చేరుతారు. ఆ అడ్మిషన్‌ను ఆగస్టు ఎంక్వైరీలతో భాగిస్తే ఆ నెల శాతం లేనిపోనిది పెరుగుతుంది; దాన్ని జూన్ వరుసలోనే చూపి, జూన్ శాతాన్ని రెండు నెలలు ఆగి చూడాలి.