ఉమ్మడి గోడకు ఒక్కటే గీత
డ్రోన్ చిత్రంపై ఇళ్ల హద్దులు గీయడంలో నియమాలే కీలకం

ఒకే గోడను ఆనుకుని ఉన్న రెండు ఇళ్లను కంప్యూటర్‌పై విడివిడిగా గీస్తే, ఆ గోడ దగ్గర ఎవరికీ చెందని చీలిక గానీ, ఇద్దరికీ చెందినట్లు కనిపించే చీలిక గానీ పటంలో పుట్టుకొస్తుంది. నేలపై లేని ఈ స్థలం రేపు తగాదాకు మూలం కావచ్చు. దానిని నివారించేందుకే గీతల కలయికకూ, ఇంటి వివరాల నమోదుకూ ముందుగా నియమాలు నిర్ణయించుకుంటారు.

గ్రామకంఠంలోని ఇళ్లకు పొలాల మాదిరిగా విడివిడి సర్వే రికార్డులు చాలాకాలం లేవు. ఈ లోటు తీర్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దీని కింద గ్రామాలను డ్రోన్లతో చిత్రీకరించారు. ముందుగా ఆస్తుల హద్దుల వెంబడి సున్నంతో గుర్తులు వేస్తారు. ఆపై డ్రోన్ తీసిన చిత్రాలను సరిచేసి ఒకే పటంగా అతుకుతారు. అందులో ఒక్కో చుక్క నేలపై సుమారు 5 సెంటీమీటర్లకు సమానం. ఈ చిత్రాన్ని తెరపై పెట్టుకుని సిబ్బంది ఇళ్లు, ప్రహరీలు, దారులను గీతలుగా మలుస్తారు. ఇంటి అడుగుభాగపు ఆకృతిని ఈ రంగంలో బిల్డింగ్ ఫుట్‌ప్రింట్ అంటారు.

చిత్రంలో కనిపించేది పైకప్పు

అడుగుభాగం గీయాలంటారు గానీ, ఆకాశం నుంచి కనిపించేది పైకప్పు మాత్రమే. ఉదాహరణకు గోడల కొలత 6 మీటర్లు, 10 మీటర్లు ఉన్న పెంకుటిల్లు 60 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. దానికి నాలుగు వైపులా 60 సెంటీమీటర్ల చూరు ఉందనుకుంటే, చూరు వెంబడి గీసిన ఆకృతి 80 చదరపు మీటర్లు దాటుతుంది. ఇంటి వైశాల్యం దాదాపు 25 చదరపు గజాలు పెరిగినట్లు నమోదవుతుంది.

మేడల విషయంలో మరో చిక్కు ఉంది. చిత్రం మధ్య నుంచి దూరంగా ఉన్న కట్టడం బయటివైపు ఒరిగినట్లు కనిపిస్తుంది. డ్రోన్ 120 మీటర్ల ఎత్తున ఉండగా, దాని కింది బిందువుకు 20 మీటర్ల దూరంలో ఉన్న 6 మీటర్ల మేడ పైఅంచు దాదాపు ఒక మీటరు పక్కకు జరిగి పడుతుంది. నేల ఎత్తును మాత్రమే లెక్కలోకి తీసుకుని సరిచేసిన చిత్రంలో ఈ ఒరుగు అలాగే మిగిలిపోతుంది. అందువల్ల పైకప్పు ఆకృతిని గీసి, గోడ నేలను తాకే మూల ఎక్కడ కనిపిస్తే అక్కడికి ఆ ఆకృతిని మొత్తంగా జరపాలి. చూరు వెడల్పును మాత్రం క్షేత్రంలో కొలిచి తగ్గించాలి. సిబ్బంది అందరూ ఇదే పద్ధతి పాటించాలి. ఒకరు చూరును, మరొకరు గోడను గీస్తే పక్కపక్క వీధుల లెక్కలకే పొంతన కుదరదు.

20 సెంటీమీటర్లకు 3 గజాలు

ఇప్పుడు 12 మీటర్ల పొడవైన ఉమ్మడి గోడ ఉన్న రెండు ఇళ్లను తీసుకుందాం. మొదటి ఇంటిని గీసిన తరువాత రెండో ఇంటి గీతను కంటి అంచనాతో వేస్తే, రెండు గీతల మధ్య 20 సెంటీమీటర్ల తేడా రావడం సులభం. చిత్రంలో అది నాలుగు చుక్కలే. కానీ 12 మీటర్ల పొడవున అది 2.4 చదరపు మీటర్లు, అంటే దాదాపు 3 చదరపు గజాలు.

దీనికి మందు స్నాపింగ్. గీసేవారి గురి ఇప్పటికే ఉన్న మూలకు లేదా గీతకు నిర్ణీత దూరంలోకి రాగానే, కొత్త బిందువు సరిగ్గా దానిపైకే వెళ్లి అతుక్కుంటుంది. అప్పుడు రెండు ఇళ్లకూ మధ్య హద్దు ఒక్కటే అవుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీనితో పాటు Topological Editing అనే ఏర్పాటును కూడా ఆన్ చేయాలి. పొడవైన గోడకు మధ్యలో చిన్న ఇల్లు ఆనుకున్నప్పుడు, ఆ కలిసేచోట పెద్ద ఇంటి గీతపై కూడా బిందువు పడాలి. లేకుంటే తరువాత ఒక గీతను జరిపినప్పుడు రెండోది కదలదు. మూసిన చీలిక మళ్లీ తెరుచుకుంటుంది.

దూరం పెరిగితే సందు మాయం

అతుక్కునే దూరాన్ని తెరపై చుక్కల్లో కాక మీటర్లలో పెట్టాలన్నది ముఖ్యమైన నియమం. 12 తెర చుక్కలు అని పెడితే, పటాన్ని 1:100 స్కేలులో చూస్తున్నప్పుడు అది సుమారు 30 సెంటీమీటర్లు. అదే పటాన్ని 1:500కు తగ్గించి చూస్తే 1.6 మీటర్లు. రెండు ఇళ్ల మధ్య మీటరు వెడల్పు సందు ఉంటే, ఇంటి మూల సందు దాటి అవతలి గోడకు అతుక్కుపోతుంది. వాననీరు పోయే సందు, పెరటికి వెళ్లే దారి పటంలో కనిపించకుండా పోతాయి.

5 సెంటీమీటర్ల చిత్రానికి 20 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. అందరూ ఒకే స్కేలులో, ఉదాహరణకు 1:100లో గీయాలి. సందు ఎంత ఇరుకుగా ఉన్నా, చిత్రంలో స్పష్టంగా కనిపిస్తే రెండు గీతలూ విడిగానే ఉండాలి.

గడుల్లో ఒకే మాట

ఆకృతితో పాటు ప్రతి ఇంటికీ వివరాల పట్టిక ఉంటుంది. పైకప్పు గడిలో ఒకరు ‘పెంకులు’, మరొకరు ‘పెంకుటిల్లు’, ఇంకొకరు ‘పెంకు’ అని రాస్తే కంప్యూటర్ వాటిని మూడు రకాలుగా లెక్కిస్తుంది. అందుకే టైపు చేసే వీలు లేకుండా జాబితా నుంచి ఎంచుకునేలా చేస్తారు. స్లాబుకు 1, పెంకులకు 2, రేకులకు 3, పూరికప్పుకు 4 అన్నట్లు అంకెలు కేటాయిస్తారు.

చిత్రం చెప్పలేనిదాన్ని ఊహించి రాయకూడదు. అంతస్తుల సంఖ్య తెలియకపోతే ఆ గడిని ఖాళీగా వదలాలి. సున్నా వేస్తే అంతస్తులే లేవన్న అర్థం వస్తుంది. ప్రతి ఇంటికీ మారని సంఖ్య, చిత్రం తీసిన తేదీ, గీసినవారి గుర్తు, క్షేత్రంలో చూశారా లేదా అన్న నాలుగు గడులు తప్పనిసరి. చిత్రం తీసిన తరువాత కట్టిన గది పటంలో ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆ తేదీయే సమాధానం.

కంప్యూటర్ పట్టుకోలేని తప్పు

పని ముగిశాక Topology Checker సాయంతో ఒకదానిపై ఒకటి పడిన ఆకృతులను, వాటి మధ్య చీలికలను, రెండుసార్లు గీసిన ఇళ్లను వెతుకుతారు. చీలికల జాబితాలో నిజమైన సందులు కూడా రావచ్చు. ఒక్కొక్కటీ చిత్రంతో పోల్చి చూడకుండా అన్నింటినీ మూసివేయరాదు.

పొరపాటున అతుక్కున్న సందును మాత్రం ఈ తనిఖీ పట్టుకోలేదు. అక్కడ చీలికా లేదు, ఆకృతులు ఒకదానిపై ఒకటి పడలేదు. కంప్యూటర్ దృష్టిలో అంతా సవ్యమే. చూరును గోడగా గీసిన తప్పూ అంతే. వీటిని బయటపెట్టేది గ్రామంలో టేపుతో కొలవడమే. ముసాయిదా పటాన్ని గ్రామస్థుల ముందుంచి అభ్యంతరాలు స్వీకరించే దశ ఇందుకే ఉంది. అప్పుడు ఇంటి యజమాని మూడు సంగతులు చూసుకోవాలి. ఉమ్మడి గోడ వద్ద గీత ఒక్కటే ఉందా, పక్క సందు పటంలో మిగిలిందా, పటంలోని ఇంటి వెడల్పు గోడ నుంచి గోడకు కొలిచిన వెడల్పుతో సరిపోతోందా అన్నవే అవి.