ట్రెండింగ్ మాటా, ఏడాది పొడవునా వెతికే మాటా?

2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఏ వంటల ఛానెల్ చూసినా డల్గోనా కాఫీయే. కొన్ని వారాలకే ఆ సందడి చల్లారింది. దోసెలు పెనానికి ఎందుకు అంటుకుంటున్నాయన్న ప్రశ్న మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మొదటిది ట్రెండింగ్ కీవర్డ్, రెండోది ఎవర్‌గ్రీన్. నెలకు ఎనిమిది వీడియోలు మాత్రమే తీయగలిగిన చిన్న ఛానెల్ దేనికెన్ని కేటాయించాలి?

ఒక వంటల ఛానెల్ ఏప్రిల్ నెలకు ప్లాన్ వేసుకుంటోందనుకుందాం. ముందుగా గూగుల్ ట్రెండ్స్ తెరిచి, వెబ్ సెర్చ్ బదులు యూట్యూబ్ సెర్చ్ ఎంచుకుని, అయిదేళ్ల కాలానికి avakaya అని కొట్టి చూడాలి. అక్కడ కనిపించే 0 నుంచి 100 దాకా అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. ఆ మాటకు బాగా గిరాకీ ఉన్న సమయాన్ని 100 అనుకుంటే మిగతా రోజుల్లో ఎంతుందో చెబుతాయి. కాబట్టి చూడాల్సింది గీత తీరు. ఒక్కసారి లేచి పడిపోతే ట్రెండ్, సమంగా సాగితే ఎవర్‌గ్రీన్. ఏటా అదే కాలంలో లేస్తే సీజన్ మాట. చిన్న ఛానెల్‌కు ఎక్కువగా కలిసొచ్చేది ఈ మూడోదే. ఎప్పుడు లేస్తుందో ముందే తెలుసు కనుక, మార్కెట్లోకి కాయలు దండిగా రాకముందే వీడియో పెట్టేయొచ్చు.

అయితే ఉత్త ‘ఆవకాయ’ అని పెడితే లక్షల సబ్‌స్క్రైబర్లున్న ఛానెళ్ల కింద పడిపోతుంది. యూట్యూబ్ సెర్చ్‌లో ఆ మాట కొట్టి, కింద వచ్చే సూచనలు చదవాలి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో avakaya pachadi in telugu అని కొడతారు. అందుకే టైటిల్‌లో రెండు లిపులూ ఉండటం మేలు. ఫలితాల్లో పైన ఉన్నవన్నీ పెద్ద ఛానెళ్లే అయితే అంశాన్ని కుదించాలి. ‘అర కిలో కాయలకు ఆవకాయ కొలతలు’, ‘ఆవకాయ బూజు పట్టకుండా’ లాంటివి వెతికేవాళ్లు తక్కువే కావచ్చు. కానీ వాళ్లు కోరుకున్న జవాబు సరిగ్గా ఆ వీడియోలోనే ఉంటుంది.

ఎనిమిదిలో అయిదు ఎవర్‌గ్రీన్‌కు, రెండు సీజన్‌కు ఇచ్చి, ఒకటి ఖాళీగా ఉంచుకోవడం మంచి పద్ధతి. ఆ ఖాళీ ట్రెండ్ కోసం. అదీ ఛానెల్ అంశానికి దగ్గరగా ఉండి, రెండు రోజుల్లో వీడియో పెట్టగలిగితేనే. వంట వీడియోకు కొత్త సినిమా పేరు తగిలిస్తే నొక్కినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు. పైగా చూసేవాళ్లను తప్పుదోవ పట్టించే టైటిళ్లకు యూట్యూబ్ నిబంధనలు ఒప్పుకోవు.

నెల తిరిగాక స్టూడియోలోని అనలిటిక్స్‌లో, ఏ మాటలు వెతికి జనం వచ్చారో చూడాలి. ఎవర్‌గ్రీన్ వీడియోను మొదటి వారం వ్యూస్‌తో కొలవకూడదు. మూడో నెలలోనూ సెర్చ్ నుంచి జనం వస్తుంటే ఆ మాట పనిచేసినట్టే. అదే అంశం చుట్టూ వచ్చే నెల మరో రెండు వీడియోలు ధైర్యంగా వేసుకోవచ్చు.